ఎనిమిది గళ్ళకు పదహారు మొక్కలు

యోగానంద సారుకు చిన్నప్పటినుంచే ఒక జబ్బు ఉండేది. ఎవరేం చెప్పినా, అది ఎక్కడ పుట్టిందో కనుక్కోకుండా నమ్మేవాడు కాదు. వడమాలపేటలో వాళ్ళ నాయన పాడి ఆవును కొందామని సంతకు పిలుచుకుపోతే, ఆవు పళ్ళు చూడకుండా దాని తల్లి ఎన్ని శేర్ల పాలిచ్చేదో చెప్పమని బేరగాణ్ణి నిలదీశాడట. బేరగాడు తల గోక్కుని, "మీ వాడు ఆవును కొనేదానికి వచ్చినాడా, సంబంధం కలుపుకునేదానికి వచ్చినాడా అప్పా?" అన్నాడట. ఆ మాట ఊళ్ళో చాన్నాళ్ళు తిరిగింది. ఆవును కొన్నారో లేదో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

పెద్దయ్యాక ఆ జబ్బే ఆయనకు కూడు పెట్టింది. తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బాటనీ లెక్చరరుగా చేరాడు. రోజూ వడమాలపేటలో బస్సెక్కి రేణిగుంట మీదుగా రావడం, సాయంత్రం అదే దారిన పోవడం. చేతిలో ఒక గుడ్డసంచి, దాన్లో సద్దిగిన్నె, పైన ఎర్రసిరా పెన్ను. మనిషి నెమ్మదస్తుడే కానీ జన్యుశాస్త్రం పాఠం మొదలుపెడితే పూనకం వచ్చేది. అనంతపురం నుంచి వచ్చిన పిల్లలు కూడా ఆయన మాటను అనుకరించి హాస్టల్లో నవ్వుకునేవారు.

"ముందు అమ్మా నాయన ఎవురో కనుక్కోండి. తర్వాత వాళ్ళు బిడ్డకు ఏమిచ్చేదానికి అవుతుందో రాయండి. ఆ తర్వాతే గళ్ళు. కడాన లెక్క. కడాన చేసే పని ముందు చేస్తే, పెళ్ళి కాకుండానే మనవళ్ళను లెక్కబెట్టినట్టు."

ఆయన చెప్పేది అంత కష్టమేమీ కాదు. బఠాణీ మొక్కలో ప్రతి గుణానికీ రెండక్షరాలుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. పెద్ద T ఉంటే మొక్క పొడవు, రెండూ చిన్న t అయితేనే పొట్టి. పెద్ద R ఉంటే విత్తనం గుండ్రం, రెండూ చిన్న r అయితేనే ముడుత. తల్లి ఇవ్వగలిగినవి పైన వరసగా, తండ్రి ఇవ్వగలిగినవి పక్కన నిలువుగా రాసుకుని, కలిసే చోటల్లా గడిలో నింపుకుంటూ పోవడమే. నింపాక ఎన్ని గళ్ళలో ఏ రకం బిడ్డ పడిందో లెక్కపెడితే నిష్పత్తి. ఇంత సులువైన దాంట్లో కూడా పిల్లలు మూడు చోట్ల కాలు జారేవారు. అమ్మానాయనల అక్షరాలు తప్పు రాయడం ఒకటి. గడిలో పక్కింటి అక్షరం పెట్టడం రెండు. అన్నీ ఒప్పు చేసి, చివర్లో కంటికి కనబడే రకాల నిష్పత్తి అడిగితే అక్షరాల నిష్పత్తి, అంటే జన్యురూప నిష్పత్తి రాయడం మూడు. పేపర్లు దిద్దేటప్పుడు యోగానంద ఎర్రపెన్ను ఈ మూడు చోట్లా ఆగి, వాసన చూసి, ముందుకు కదిలేది.

ఆయనకింకో అలవాటు ఉంది. గైడు బట్టీపట్టి వచ్చినవాడు గట్టెక్కకూడదని, ఏడాదికోసారి పాత ప్రశ్నలో ఒకే ఒక్క మాట మార్చేవాడు. ఆ ఒక్క మాటకు మొత్తం జవాబు తలకిందులయ్యేది. పరీక్ష హాల్లో పిల్లలు గబగబా రాసేస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని, బోను పెట్టి ఎలుక కోసం కాచుకున్నవాడిలా నవ్వుకునేవాడు. పెద్దమనిషే, కానీ ఆ నవ్వు మాత్రం పెద్దమనిషిది కాదు.

అది తొంభై ఎనిమిది, జనవరి నెల. సంక్రాంతి సెలవులు ముగిసి, ప్రీఫైనల్ పరీక్షలు అయిపోయాయి. ఆ మార్కులతో మెడిసిన్ ఎంసెట్‌కు స్పెషల్ బ్యాచి కడతారు. మేడమీద హాల్లో ముప్పైమందికే చోటు. బ్యాచిలో పడినవాళ్ళకు మే దాకా రోజూ పాఠం, వారానికి రెండు పరీక్షలు. పడనివాళ్ళు ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికి పోవడమే. అందుకని ఆ ముప్పై పేర్లు నోటీసుబోర్డు మీద అంటించిన రోజు కాలేజీలో పెళ్ళిసందడి, చావుసందడి రెండూ ఒకేసారి కనిపించాయి.

యోగానంద కూతురు పల్లవి ఆ కాలేజీలోనే చదివేది. ఆమె పేరు ఆ జాబితాలో చివరిది. కూతురి పేపరు తాను దిద్దితే మాటొస్తుందని, ఆయన సెక్షను పేపర్లన్నీ ధర్మేంద్ర అనే కుర్ర లెక్చరరుకు అప్పగించి, జవాబుల కీ మాత్రం తానే ఇచ్చాడు. జాబితా చూసుకుని స్టాఫురూములోకి వచ్చి, ఎవరూ చూడకుండా ఒకసారి మీసం సర్దుకున్నాడు. కూతురు డాక్టరయిపోయినట్టే అనిపించింది ఆయనకు. తండ్రులంతా ఇంతే.

మధ్యాహ్నం సద్దిగిన్నె తెరిచి పెరుగన్నంలో నారదబ్బ ఊరగాయ నంజుకుంటుంటే హేమశ్రీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నగరి పిల్ల. ఇంట్లో మగ్గాలు. క్లాసులో నోరెత్తే రకం కాదు. ఆమె పేరు జాబితాలో లేదని యోగానందకు తెలుసు. ఏడ్చుకుంటూ వచ్చిందేమోనని చెయ్యి కడుక్కోబోయాడు. ఆ అమ్మాయి కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"సార్, ఒక డౌటు. పేపరు క్లాసులో చూపించి మళ్ళా తీసుకున్నారు గదా, నా గళ్ళు తెల్లకాగితంమీద ఎక్కించుకున్నాను. పదిమార్కుల లెక్కలో పదహారు గళ్ళు యాడనుంచి వచ్చినాయి సార్? నాకు ఎనిమిదే వస్తా ఉండాయి."

"రెండు గుణాల సంకరం గదా పాపా. ఒక్కో మొక్కా నాలుగు రకాలు ఇస్తాది. నాలుగు నాలుగ్లు పదహారు. తొమ్మిది, మూడు, మూడు, ఒకటి." అన్నం ముద్ద నోట్లో ఉండగానే చెప్పేశాడు.

"నాలుగు మొదటి మొక్కకే సార్. రెండోది పొట్టిది. దాని దగ్గర పెద్ద T లేదు. tR, tr రెండే ఇస్తాది. మగ్గం మీద పడుగు నాలుగు పోగులు, పేక రెండు పోగులైతే అవి కలిసేది ఎనిమిది చోట్లే గదా సార్."

"రెండోది పొట్టిదని ఎవురు చెప్పినారు?"

"ప్రశ్నలోనే ఉండాది సార్."

యోగానంద ఎడమచేత్తో అలమరలోంచి ప్రశ్నపత్రం లాగాడు. "పొడవు, గుండ్రటి విత్తనాల మొక్కను పొట్టి, గుండ్రటి విత్తనాల మొక్కతో సంకరం చేశారు. రెండు మొక్కల తల్లులూ పొట్టివి, ముడుత విత్తనాలవి. జనకుల జన్యురూపాలు రాసి, సంతానంలో కంటికి కనబడే నిష్పత్తిని, జన్యురూప నిష్పత్తిని తెలపండి." పొట్టి. తన దస్తూరీయే. డిసెంబరులో స్టెన్సిలు కోసేటప్పుడు, పోయినేటి ప్రశ్నలో "పొడవు" అనే మాటను కొట్టేసి "పొట్టి" అని తానే చెక్కాడు. చెక్కి, చేతులు వెనక్కి కట్టుకుని నవ్వుకున్నాడు కూడా. ఆ నవ్వులో పడి ధర్మేంద్ర చేతిలో పెట్టిన కీ మాత్రం పోయినేటిది.

ఇరవయ్యేళ్ళుగా పిల్లల కోసం పెట్టిన బోనులో తన కాలే పడింది.

అప్పుడే ధర్మేంద్ర టీ గ్లాసుతో లోపలికొచ్చాడు. యోగానంద హేమశ్రీ కాగితం చూపించాడు.

"ఈ పాపకు పదికి ఎన్ని ఏసినావు అబ్బా?"

"రెండు సార్. జనకులే తప్పు రాసుండాది. TtRr రెండుసార్లు రాయాల్సింది, రెండోది ttRr అని రాసింది. కీలో అట్ల లేదు."

"కీ రాసిందెవురు?"

ధర్మేంద్ర టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. "మీరే సార్."

"ప్రశ్న రాసింది?"

"అదీ మీరే సార్."

"ఇద్దరిలో ఎవురో ఒకరికి బుద్ధి ఉండాల్సింది." హేమశ్రీ నవ్వు ఆపుకోవడానికి కిటికీవైపు తిరిగింది. యోగానందకు నవ్వు రాలేదు. ఎందుకంటే లెక్క అప్పటికే ఆయన తలలో నడుస్తోంది. హేమశ్రీకి మార్కులు పెరుగుతాయి. పెరిగితే పైకొస్తుంది. తొమ్మిది మూడు మూడు ఒకటి అని రాసిన వాళ్ళకు తగ్గుతాయి. హాల్లో చోటు ముప్పైమందికే. ఆ ముప్పయ్యో పేరు ఎవరిదో ఆయనకు చెప్పాల్సిన పనిలేదు. పల్లవి ఆ ప్రశ్నకు ఏం రాసిందో మాత్రం తెలియదు. ఒప్పే రాసుంటుందిలే అని మనసు చెప్పింది. ఒప్పు రాసుంటే ఈ కీతో మార్కులెట్లా వస్తాయని బుద్ధి చెప్పింది.

కరస్పాండెంటు జయరావు మంచివాడే. జాబితా ఒకసారి అంటించాక తీయడమంటే మాత్రం ఆయనకు ప్రాణసంకటం. మేనేజరు చేత టైపు చేయించి, ఫోన్లున్న తల్లిదండ్రులకు స్వయంగా చెప్పి ఉన్నాడు. యోగానంద గదికొచ్చి సంగతి చెప్పగానే కుర్చీలోంచి సగం లేచాడు.

"తాళి కట్టినంక జాతకాలు తీస్తారా సార్ ఎవురైనా?"

"ఇంకా కట్టలేదు సార్. బ్యాచి మొదలయ్యేది సోమవారం."

"ఒక్క ప్రశ్న గదా. కావాలంటే ఆ నగరి పాపను ఇంకో స్టూలు వేసి కూర్చోబెడతాం. ఎవురికీ నొప్పి ఉండదు."

యోగానందకు ఆ స్టూలు చాలా అందంగా కనిపించింది. దానిమీద హేమశ్రీ కూర్చుంటుంది, ముప్పయ్యో బల్లమీద పల్లవి కూర్చుంటుంది, తాను ఇంటికి పోయి హాయిగా నిద్రపోతాడు. అవునని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కానీ ఆ పాప ఒక్కతే నోరు విప్పి అడిగింది. ఒప్పు రాసి, తప్పేమో అనుకుని నోరు మూసుకున్నవాళ్ళు ఇంకా ఎందరున్నారో? వాళ్ళకందరికీ స్టూళ్ళు వేస్తే హాలు సంతలా తయారవుతుంది.

"పేపర్లన్నీ మళ్ళా దిద్దాల సార్. అడిగిన పాపకు ఒక న్యాయం, అడగని పిల్లోళ్ళకు ఒక న్యాయం కుదరదు."

"పోయే పేరు ఎవురిదో సూసుకున్నారా?"

"సూసుకున్నాను. నేనే పెట్టిన పేరు గదా."

జయరావు సొరుగు లాగాడు. అలమర తాళాలు బల్లమీద పెట్టాడు.

ధర్మేంద్ర, యోగానంద ఎదురెదురుగా కూర్చుని పని మొదలుపెట్టారు. ముందు ఇద్దరూ విడివిడిగా లెక్క చేశారు, ఒకరిది ఒకరు చూసుకోకుండా. యోగానంద పెట్టిన షరతు అది. మొదటి మొక్క పొడవు, గుండ్రం. దాని తల్లి పొట్టిది, ముడుతది కాబట్టి చిన్న t, చిన్న r తప్పకుండా వచ్చుంటాయి. అందుకని TtRr. రెండోది పొట్టిది కాబట్టి tt, గుండ్రమైనా తల్లి ముడుతది కాబట్టి Rr. అది ttRr. మొదటిది నాలుగు రకాలు, రెండోది రెండు రకాలు. ఎనిమిది గళ్ళు. పొడవు గుండ్రం మూడు, పొడవు ముడుత ఒకటి, పొట్టి గుండ్రం మూడు, పొట్టి ముడుత ఒకటి. ఇద్దరి కాగితాలూ కలిశాయి. జనకులకు రెండు మార్కులు, వాళ్ళిచ్చే బీజాలకు రెండు, గడికి అర చొప్పున నాలుగు, రెండు నిష్పత్తులకు ఒక్కోటి.

ఆ తర్వాత మొదలైంది అసలు తమాషా. ఒకడు జనకుల్ని, ఎనిమిది గళ్ళను నిక్షేపంగా రాసి, చివర్లో మాత్రం భయపడి 9:3:3:1 అని వేసేశాడు. ఎనిమిది గళ్ళలోంచి పదహారు మొక్కలు మొలిపించిన ఘనుడు. ఇంకొకడు ఒకే బీజంలో TT అని పెట్టాడు, తల్లి ఆస్తంతా ఒక్క బిడ్డకే రాసిచ్చినట్టు. ఒకామె కంటికి కనబడే నిష్పత్తి అడిగితే 1:2:1:1:2:1 అని రాసింది. అది జన్యురూప నిష్పత్తి, దాని చోట అది ఒప్పే. కాస్త కిందికి పోయి చూస్తే అక్కడ 3:1:3:1 ఉంది. రెండూ తారుమారు చేసింది పిచ్చితల్లి. ఒకడి గళ్ళలో మూడేసి అక్షరాలున్నాయి.

"ఈ మొక్క ఇంకా పూర్తిగా పుట్టలేదు సార్" అన్నాడు ధర్మేంద్ర. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తప్పులు దిద్దేవాళ్ళకు దేవుడిచ్చిన వేడుక అది ఒక్కటే.

హేమశ్రీ పేపరు వచ్చింది. జనకులు ఒప్పు. బీజాలు ఒప్పు. గళ్ళ దగ్గర యోగానంద పెన్ను ఆగింది. పైన tR, పక్కన tr. కలిస్తే ttRr రావాలి. ఆ పాప ttRR అని రాసింది. పక్క గడిలో ఉన్నదాన్నే మళ్ళీ దించింది. రెండూ పొట్టి గుండ్రాలే కాబట్టి కంటికి కనబడే నిష్పత్తి చెడలేదు, 3:1:3:1 సరిగ్గానే వచ్చింది. జన్యురూప నిష్పత్తి మాత్రం చెడింది.

"వదిలేయండి సార్. తప్పు మనది. ఆ పాపను ఏడిపించినాం. పది వేసేయండి" అన్నాడు ధర్మేంద్ర.

యోగానందకూ అదే చేయాలనిపించింది. నిజం చెప్పాలంటే ఆ పాప కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. "మన తప్పుకు ఈ గడి పూచీ కాదబ్బా" అని, గడికి అర, జన్యురూప నిష్పత్తికి ఒకటి తీసేసి, ఎనిమిదిన్నర వేశాడు. హేమశ్రీని పిలిచి ఆ గడి చూపించారు. ఆమె ఒక్క క్షణం చూసి నాలుక కరుచుకుంది.

"పక్కదాన్ని దించేసినాను సార్. ఎనిమిదిన్నరే." మార్కులు పెరిగిన సంతోషం కంటే ఆ గడి తప్పిందన్న కోపమే ఆ ముఖంలో ఎక్కువ కనిపించింది. యోగానందకు ఆ పిల్లమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

పల్లవి పేపరును ధర్మేంద్ర కట్ట అడుక్కు తోసి ఉంచాడు. చివరికి అదొక్కటే మిగిలింది. "నేను దిద్దుతాను సార్, మీరు టీ తాగి రండి" అన్నాడు. యోగానంద లేవలేదు, గోడకేసి తిరిగి కూర్చున్నాడు. వెనక కాగితం తిరిగిన చప్పుడు వినబడింది.

"ఎన్ని?"

"రెండోదాన్నీ TtRr అనే రాసింది సార్. ఒక జనకుడికి ఒకటి, దాని బీజాలకు ఒకటి. పదహారు గళ్ళు చక్కగా, పొందిగ్గా నింపింది. చేతివ్రాత ముత్యాలే సార్."

"చేతివ్రాతకు మార్కుల్లేవు. రెండు."

పది రెండయింది. కొత్త జాబితాలో హేమశ్రీ పేరు పదిహేడోది. పల్లవి పేరు లేదు.

సాయంత్రం బస్సులో తండ్రీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. యోగానంద వేరుశనక్కాయల పొట్లం కొన్నాడు కానీ విప్పలేదు. ఎట్లా మొదలుపెట్టాలో తోచక, కండక్టరుతో చిల్లర గురించి అవసరంలేని తగువొకటి పెట్టుకున్నాడు. బస్సు కదిలాక చెప్పాడు.

"జాబితా మారింది పల్లవీ. కీ తప్పు. నేనే తప్పు రాసినాను."

"నా పేరు పోయిందా?"

"పోయింది."

పల్లవి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రేణిగుంటలో సగం బస్సు దిగి సగం ఎక్కింది. ఆ కాసేపట్లో యోగానంద తన చదువును, తన ఎర్రపెన్నును, పొట్టి బఠాణీ మొక్కను అన్నిటినీ తిట్టుకున్నాడు.

"కీ రాసేది నువ్వే, తీసేసేదీ నువ్వే అయితే నేను ఎవురి మీద కోపం చేసుకునేది నాయనా?"

"నా మీదే చేసుకో."

"చేసుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "ఆ పొట్లం విప్పు. ఆకలేస్తాంది."

పొట్లం విప్పాడు. కొన్ని కాయలు వలిచాక ఆయన జబ్బు ఆయన్ను ఊరుకోనివ్వలేదు. "ఒక్కటి చెప్పమ్మా. పొట్టి అని అంత పెద్దగా రాసుండాదే. నీకు ఎందుకు కనపళ్ళేదు?"

పల్లవి చేతిలో పొట్టు ఊదేసి, దాచుకోకుండా చెప్పింది. "ప్రశ్న చదవలేదు నాయనా. మొదటి వరస చూడగానే ఇది నువ్వు పోయినేడు అడిగిందే అనుకున్నాను. ఇంట్లో నువ్వు పదిసార్లు చెప్పినదే. నీకేమి జవాబు కావాలనో నాకు తెలుసు గదా. ప్రశ్నను కాదు, నిన్ను చదివినాను."

యోగానంద నోట్లో శనక్కాయ నమలడం మానేశాడు. కీ కట్టలోంచి పోయినేటి కాగితం తీసి ఇచ్చేటప్పుడు తానూ ప్రశ్న చదవలేదు. అది తన ప్రశ్నే కదా, తనకు తెలియనిదేముందనుకున్నాడు. వేరు వేరు గదుల్లో కూర్చుని తండ్రీ కూతురూ ఒకే తప్పు చేశారు.

"నేనూ చదవలేదు పల్లవీ" అన్నాడు.

పల్లవి ఆయన ముఖంలోకి చూసింది. ముందు పెదాలు బిగబట్టింది, తర్వాత ఆగలేక నవ్వేసింది. "అయితే ఇది యాడనుంచి వచ్చిందో గళ్ళు గీయాల్సిన పని లేదు నాయనా."

ఆయనకూ నవ్వొచ్చింది. పల్లవి ఆయన సంచిలోంచి ప్రశ్నపత్రం తీసుకుని, ఈసారి వేలుపెట్టి ఒక్కొక్క మాటా చదివి, వెనకవైపు లెక్క చేయడం మొదలుపెట్టింది. బస్సు కుదుపులకు గళ్ళు వంకరపోయాయి, ముత్యాలేమీ రాలలేదు. చేసి తండ్రికిచ్చింది.

యోగానంద ఎర్రపెన్ను తీసి, కూతురన్న జాలి లేకుండా దిద్దాడు. జనకులు చూశాడు. ఎనిమిది గళ్ళు ఒక్కొక్కటీ చూశాడు. రెండు నిష్పత్తులూ చూశాడు. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. పది వేశాడు. ఆ పది ఏ జాబితాకూ ఎక్కదని ఇద్దరికీ తెలుసు. అయినా పల్లవి ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"సోమవారం నుంచి రోజూ హేమశ్రీ నోట్సు అడిగి తెచ్చుకుంటాను" అంది. "నువ్వు చెప్పే నోట్సు ఇంట్లో ఉండాది లే. ఆయమ్మిదైతే, ప్రశ్న చదివినోళ్ళు రాసింది."